2:17కి ఆగిపోయిన బిల్లింగ్

(సిస్టమ్ అడ్మిన్ల సమావేశంలో చేసిన ప్రసంగం, రాతప్రతి)

అందరికీ నమస్కారం. నన్ను డేటాబేస్ రికవరీ గురించి మాట్లాడమన్నారు. స్లైడ్లు వేసి చెబితే పావుగంటలో సగం మంది ఫోన్లు చూసుకుంటారని నాకు తెలుసు. అందుకే ఒక రాత్రి కథ చెబుతాను. నాకు జరిగిందే. కంపెనీ పేరు అడక్కండి.

అప్పటికి ఆ ఉద్యోగంలో నాకు నాలుగో నెల. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరున్నర దాకా డ్యూటీ, ఒక్కడినే. కౌంటర్ల బిల్లింగ్ అంతా ఒకే డేటాబేస్ మీద నడిచేది, పోస్ట్‌గ్రెస్. రాత్రిపూట కొన్ని కౌంటర్లే పనిచేస్తాయి. పొద్దున ఆరింటికి అన్నీ తెరుస్తారు, ఆరున్నరకల్లా క్యూలు కట్టేస్తారు. నా పనల్లా ఆ ఆరింటి దాకా ఏదీ పడిపోకుండా చూడటం.

ఆ రాత్రి 2:17కి పడిపోయింది.

మొదట ఒక కౌంటర్ నుంచి ఫోన్ వచ్చింది, బిల్లు సేవ్ కావడం లేదని. ఆ తర్వాత నా స్క్రీన్ ఎర్రబడింది. గమనించారా, మనిషి ముందు చెప్పాడు, మానిటరింగ్ తర్వాత చెప్పింది. ఎందుకలా అయిందో తర్వాత చెబుతాను. సర్వర్‌లోకి లాగిన్ అయ్యాను. మెషిన్ బాగానే ఉంది, పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ మాత్రం లేదు. లాగ్ చివర ఈ లైన్ ఉంది:

```
PANIC:  could not write to file "pg_wal/xlogtemp.2218": No space left on device
```

ఆ తర్వాత తనంతట తాను లేవడానికి ప్రయత్నించింది, మళ్లీ చోటు లేక చతికిలబడింది. డిస్క్ నిండింది, అంతే కదా అనుకుని `df -h` కొట్టాను. డేటా డిస్క్ సైజు 197 జీబీ, వాడినది 187, మిగిలింది సున్నా. ఈ మూడు అంకెలూ కాస్త గుర్తుపెట్టుకోండి. నేనైతే ఆ రాత్రి చూసి కూడా చూడలేదు.

ఏ ఫోల్డర్ ఇంత మేసిందా అని వెతికితే, అసలు బిల్లుల డేటా అంతా కలిపి 46 జీబీ. `pg_wal` అనే ఫోల్డర్ ఒక్కటే 141 జీబీ. లోపల ఒక్కొక్కటీ 16 ఎంబీ ఉన్న ఫైళ్లు, తొమ్మిది వేలకు పైగా. పేర్లన్నీ 24 అక్షరాల పొడుగున, సున్నాలతో మొదలవుతాయి. మామూలు రోజుల్లో ఆ ఫోల్డర్ ఒకటీ రెండు జీబీలు దాటదు.

ఇక్కడ నా బుర్రలో ఏం నడిచిందో దాచకుండా చెబుతాను. తొమ్మిది వేల ఫైళ్లున్నాయి. కొన్ని తొమ్మిది రోజుల నాటివీ, వారం నాటివీ. పాతవి ఒక వెయ్యి తీసేస్తే 16 జీబీ ఖాళీ అవుతుంది, సర్వర్ లేస్తుంది, 2:30కల్లా పని ముగించి కూర్చోవచ్చు. `rm` కమాండ్ టైప్ చేసేశాను కూడా. ఎంటర్ మీద వేలు పెట్టి, ఎందుకో ఫోన్ తీశాను. ధైర్యం చాలక తీశాను, తెలివితో కాదు.

మా సీనియర్ రెండో రింగుకే ఎత్తాడు. "అన్నా, బిల్లింగ్ డీబీ పడిపోయింది, డిస్క్ ఫుల్. `pg_wal`లో పాత ఫైళ్లు తీసేస్తున్నా" అన్నాను.

అవతల ఒక క్షణం మాట లేదు. "తీసేశావా, తీసేస్తున్నావా?"

"ఇంకా లేదన్నా."

"అయితే చేతులు కీబోర్డు మీంచి తియ్యి. నేను చెప్పేదాకా పెట్టకు."

[నవ్వులు]

మీలో డేటాబేస్ పని చెయ్యనివాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ ఫైళ్లేమిటో చెబుతాను. మన పాత లెక్కల పద్ధతిలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. ఏ లావాదేవీ జరిగినా ముందు జరిగిన వరసలో చిట్టాలో రాస్తారు. తర్వాత తీరిగ్గా ఏ పద్దు కింది మొత్తాన్ని ఆ పద్దు కింద ఆవర్జాకు ఎక్కిస్తారు. పోస్ట్‌గ్రెస్ చేసేది అచ్చంగా ఇదే. `pg_wal` చిట్టా. ఆ 46 జీబీ ఆవర్జా. కౌంటర్‌లో "బిల్లు సేవ్ అయింది" అని వచ్చిందంటే ఆ బిల్లు చిట్టాకు ఎక్కి, డిస్క్ మీద గట్టిగా పడిందని అర్థం. ఆవర్జాకు ఎక్కిందని కాదు. అది కొన్ని నిమిషాల తర్వాత, చెక్‌పాయింట్ అనే పనిలో జరుగుతుంది.

అందుకే చిట్టాలో రాయడానికి చోటు లేకపోతే పోస్ట్‌గ్రెస్ మొత్తంగా ఆగిపోతుంది. రాసుకోలేని బిల్లుకు "అయింది" అని మాట ఇవ్వలేదు కాబట్టి. ఆవర్జా ఉన్న డిస్క్ మాత్రమే నిండితే సాధారణంగా చోటు అడిగిన ఆ పని ఒక్కటే తప్పుతుంది, మిగతాది నడుస్తూ ఉంటుంది. మాకు రెండూ ఒకే డిస్క్ మీద ఉన్నాయి, అదొక తప్పు.

ఇప్పుడు చూడండి, 2:17కి ముందు కొన్ని నిమిషాల బిల్లులు ఇంకా ఆవర్జాకు ఎక్కలేదు. అవి చిట్టాలోనే ఉన్నాయి. నేను తీసేద్దామనుకున్న ఫోల్డర్‌లో. వాటిలో నిజంగా పాతవి తీసేసినా ప్రమాదం లేదు, ఎక్కడి నుంచి కావాలో `pg_controldata` అనే కమాండ్ చెబుతుంది. కానీ రాత్రి రెండున్నరకి 24 అక్షరాల పేర్లలో ఒక్క అంకె పొరబడ్డామంటే డేటాబేస్ ఇక లేవదు. తేదీ చూసి తేల్చుకుందామన్నా కుదరదు. పోస్ట్‌గ్రెస్ కొన్ని పాత ఫైళ్లకే కొత్త పేరు పెట్టి ముందు ముందు వాడుకోవడానికి ఉంచుకుంటుంది.

ఈ పొరపాటు చేయబోయినవాణ్ని నేనొక్కణ్నే కాదు లెండి. పూర్వం ఈ ఫోల్డర్ పేరు `pg_xlog`. పేరులో లాగ్ ఉంది కదా, పనికిరాని లాగులే అనుకుని చాలామంది తుడిచేసి డేటాబేస్ పోగొట్టుకున్నారు. ఆ గోల పడలేక 2017లో వచ్చిన పదో వెర్షన్‌లో పేరే మార్చేశారు. పేరు మార్చినా నాలాంటివాళ్లు ఉంటూనే ఉన్నారు.

సరే, సీనియర్ చెప్పిన మొదటి పని: "సర్వీస్‌ని పూర్తిగా స్టాప్ చెయ్యి, తనంతట తాను లేవకుండా. యాప్ సర్వర్లు కూడా ఆపు. తర్వాత మొత్తం డేటా ఫోల్డర్‌ని బ్యాకప్ సర్వర్‌కి కాపీ కొట్టు."

187 జీబీ. మధ్యలో ఒక గిగాబిట్ లింక్, సెకనుకి సుమారు 110 ఎంబీ వెళుతుంది. లెక్కేస్తే అరగంట. "అన్నా, ఆరింటికి కౌంటర్లు తెరుస్తారు" అన్నాను. "ఇప్పుడు రెండూ నలభై. అరగంట పోతే మూడూ పది. ఆ తర్వాత నువ్వేం చెడగొట్టినా మళ్లీ ఇక్కడికి రావచ్చు" అన్నాడు.

ఆ అరగంటలో మేనేజర్ గారు ఫోన్ చేశారు. రాత్రి 11కి తీసిన బ్యాకప్ ఉంది కదా, అది ఎక్కించేసి నడిపించెయ్యమన్నారు. మాట న్యాయంగానే వినిపిస్తుంది. "సార్, అది ఎక్కిస్తే 11 నుంచి 2:17 దాకా వేసిన బిల్లులు పోతాయి. ఇక్కడ డేటా పాడు కాలేదు, చోటు లేక ఆగింది అంతే" అన్నాను. నాలుగింటి దాకా గడువిచ్చారు. లేకపోతే బ్యాకప్పే.

కాపీ నడుస్తుండగా, అసలు చిట్టా ఎందుకింత పెరిగిందో వెతికాను. డేటాబేస్ నడవడం లేదు కాబట్టి క్వెరీ వేసి అడగలేను. కానీ డేటా ఫోల్డర్‌లోనే `pg_replslot` అని ఒక సబ్‌ఫోల్డర్ ఉంటుంది, దాన్ని ఎప్పుడైనా తెరిచి చూడొచ్చు. అందులో `report_copy` అన్న పేరు కనిపించింది.

అది చూడగానే మబ్బు విడిపోయింది. మాకు రిపోర్టుల కోసం రెండో సర్వర్ ఉండేది. ఈ చిట్టాను ఎప్పటికప్పుడు తెప్పించుకుని చదువుకుంటూ తన దగ్గర అచ్చం ఇలాంటి ప్రతి ఉంచుకునేది. అలాంటి సర్వర్ కోసం పెట్టే గుర్తునే రెప్లికేషన్ స్లాట్ అంటారు. "ఇక్కడి దాకా చదివాను, నేను మళ్లీ వచ్చేదాకా తర్వాతి పేజీలు చింపొద్దు" అని దాని అర్థం. తొమ్మిది రోజుల కింద ఆ రిపోర్టుల సర్వర్‌ని హార్డ్‌వేర్ మార్చడానికి ఆపారు. భాగాలు రాలేదు, సర్వర్ లేవలేదు. గుర్తు మాత్రం అలాగే ఉంది. పాపం పోస్ట్‌గ్రెస్ ఇచ్చిన మాట ప్రకారం ఒక్క పేజీ చింపకుండా దాచిపెట్టింది, రోజుకు పదిహేను జీబీల చొప్పున. ఆ రాత్రి రెండింటికి మొదలైన లెక్కల జాబ్, రోజు బిల్లులన్నీ ఖాతాల్లో వేసేది, చివరి నాలుగు జీబీలూ నింపేసింది.

మరి డిస్క్ 90 శాతం దాటినప్పుడు రావాల్సిన అలర్ట్ ఏమైంది? రిపోర్టుల సర్వర్ ఆపేటప్పుడు అలర్టుల గోల ఎందుకని ఎవరో సైలెన్స్ పెట్టారు. ఆ సైలెన్స్ ఒక్క సర్వర్ మీద కాకుండా డేటాబేస్ గ్రూపు మొత్తం మీద పడింది. ఎవరో అన్నాను కదా, టికెట్ తెరిచి చూస్తే పెట్టింది నేనే.

[నవ్వులు]

మూడూ పన్నెండుకి కాపీ అయింది. ఇప్పుడు చోటు కావాలి. డిస్క్ పెంచడం స్టోరేజ్ టీమ్ చేతిలో ఉంది, వాళ్ల ఆన్‌కాల్ నంబర్ మోగుతూనే ఉంది. సీనియర్‌కి మళ్లీ ఫోన్ చేశాను.

"`df`లో ఏముంది?"

"సైజు 197, వాడినది 187, మిగిలింది సున్నా."

"197లోంచి 187 తీస్తే?"

"పది."

"మరి సున్నా ఎందుకు చూపిస్తోంది?"

నిజమే కదా! గంట నుంచి ఆ మూడు అంకెలు నా కళ్ల ముందే ఉన్నాయి. ఎక్స్‌ట్ 4 ఫైల్ సిస్టమ్ చేసినప్పుడు ప్రత్యేకంగా చెప్పకపోతే 5 శాతం చోటు రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ డిస్క్ నిండిపోయినా అడ్మిన్ లోపలికి వచ్చి సరిచేసుకోవడానికి. పోస్ట్‌గ్రెస్ రూట్‌గా నడవదు, కాబట్టి ఆ పది జీబీ దానికి లేనట్టే. ఒట్టి డేటా ఉన్న డిస్క్ మీద అంత రిజర్వు అక్కర్లేదు. డిస్క్‌ని అన్‌మౌంట్ చేయకుండానే తగ్గించుకోవచ్చు:

```
# tune2fs -m 1 /dev/sdb1
Setting reserved blocks percentage to 1% (524288 blocks)
```

మళ్లీ `df` కొడితే ఎనిమిది జీబీ ఖాళీ. కొత్త డిస్క్ రాలేదు, ఒక్క ఫైల్ తీయలేదు. ఈ ఉపాయం ఒక్కసారే పనిచేస్తుంది, అది మర్చిపోకండి. రెండోసారి నిండితే తగ్గించడానికి ఇక పెద్దగా ఏమీ ఉండదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లకు అసలు వర్తించదు.

లెక్కల జాబ్ మళ్లీ మొదలైతే ఎనిమిది జీబీ ఎంతసేపు? అందుకని క్రాన్‌లో దాన్ని ఆపాను. యాప్ సర్వర్లు ఎలాగూ ఆపే ఉన్నాయి. డేటాబేస్ స్టార్ట్ చేశాను. కనెక్ట్ అవుదామంటే ఇంకా లేస్తున్నానని మొహం మీద కొట్టింది. ఇక్కడ కంగారు పడి మళ్లీ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసేవాళ్లున్నారు. అలా చేస్తే చేసిన పని మొదటికొస్తుంది. వేరే విండోలో లాగ్ చూస్తూ కూర్చున్నాను.

```
LOG:  database system was not properly shut down; automatic recovery in progress
LOG:  redo starts at 2F/A3000028
```

141 జీబీ చిట్టా మొత్తం చదువుతుందేమో, తెల్లారిపోతుందేమో అని నా భయం. కానీ చివరి చెక్‌పాయింట్ నుంచే చదువుతుంది. దాని వెనకాలవన్నీ ఎప్పుడో ఆవర్జాకు ఎక్కినవే, రిపోర్టుల సర్వర్ కోసం దాచినవే. రెండు నిమిషాల్లోపే `redo done` అని వచ్చింది. ఇంకొంచెం సేపటికి `ready to accept connections`. టైమ్ 3:26.

ఇప్పుడు గుర్తు తీసెయ్యాలి.

```
SELECT slot_name, active FROM pg_replication_slots;
SELECT pg_drop_replication_slot('report_copy');
CHECKPOINT;
```

మొదటి లైన్ అడిగితే `report_copy` పక్కన `f` అని వచ్చింది, అంటే వాడేవాళ్లెవరూ లేరు. అది చూసుకోకుండా రెండో లైన్ కొట్టకూడదు. గుర్తు తీసేశాక రిపోర్టుల సర్వర్‌ని మళ్లీ మొదటి నుంచి కట్టాల్సిందే. ఆ నష్టం తెలిసే చేశాం. చెక్‌పాయింట్ అయ్యాక `df` కొడితే 187 కాస్తా 48కి దిగింది. ఏ ఫైళ్లు తీయాలో పోస్ట్‌గ్రెస్సే చూసుకుని తీసింది. నేను `rm`తో చేద్దామనుకున్న పనే అది.

కథ ఇక్కడ అయిపోయిందని మీరూ అనుకుంటున్నారు, నేనూ అనుకున్నాను.

ఒక యాప్ సర్వర్ లేపి, నా మెషిన్ నుంచి టెస్ట్ బిల్లు వేశాను. సేవ్ అయింది. నంబర్ 48,240. అలవాటుగా ముందు బిల్లు చూశాను. 48,211.

మధ్యలో 28 నంబర్లు లేవు.

కడుపులో చల్లగా అయింది. ఇంత జాగ్రత్త పడీ 28 బిల్లులు పోగొట్టామా? సీనియర్‌కి చెబితే ఆయన కూడా ఒక నిమిషం ఆలోచించాడు. తర్వాత, "అది సీక్వెన్స్ అనుకుంటా. కానీ అనుకోవడం కాదు, కౌంటర్ల దగ్గర లెక్క చూడు" అన్నాడు.

సంగతేమిటంటే, బిల్లు నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ ప్రతి నంబర్‌కీ చిట్టాలో రాసుకోదు, అలా రాస్తే నెమ్మదిస్తుంది. ఒకేసారి 32 నంబర్లు ముందుకు రాసి పెట్టుకుని, అవి అయ్యేదాకా మెమరీలోంచి ఇస్తుంది. క్రాష్ అయితే ఎన్ని ఇచ్చిందో దానికి గుర్తుండదు. రాసి పెట్టుకున్న చివరి నంబర్ తర్వాతి నుంచి మొదలుపెడుతుంది. ఒకే నంబర్ ఇద్దరికి ఇవ్వడం కన్నా కొన్ని వదిలేయడం మేలని దాని లెక్క. అంటే ఒక్కో క్రాష్‌కి 32 దాకా నంబర్లు ఎగిరిపోవచ్చు. మాకు 28 ఎగిరాయి.

ఇది తెలిసినంత మాత్రాన బిల్లులు పోలేదని రుజువు కాదు కదా. ఆ రాత్రి తెరిచి ఉన్న కౌంటర్లు పదకొండు. ప్రతి మెషిన్‌లో తాను ప్రింట్ చేసిన బిల్లుల జాబితా ఉంటుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చివరి బిల్లు నంబర్ చదివించాను. నిద్రమత్తులో ఉన్న ఒకాయన టేబుల్ నంబర్ చదివాడు. అన్నిటిలో పెద్దది 48,211. డేటాబేస్‌లో ఉన్నదీ అదే. ప్రింట్ అయిన బిల్లు ఒక్కటీ పోలేదు.

కానీ రెండు కౌంటర్లు ఇంకో మాట చెప్పాయి. సరిగ్గా ఆగిపోయినప్పుడు ఇద్దరు కస్టమర్లు మధ్యలో ఉన్నారు. ఒకాయన క్యాష్ ఇవ్వబోతూ ఇవ్వలేదు, వెళ్లిపోయాడు. రెండో ఆవిడ కార్డు గీశారు, డబ్బు పోయినట్టు ఆవిడ ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది, బిల్లు మాత్రం రాలేదు. మా యాప్ ముందు నంబర్ తీసుకుని, తర్వాత పేమెంట్ చేసి, ఆ తర్వాత సేవ్ చేస్తుంది. పేమెంట్‌కీ సేవ్‌కీ మధ్యలో సర్వర్ పడిపోయింది. ఏ బ్యాకప్పూ, ఏ చిట్టా దీన్ని తేలేదు, అసలు రాయలేదు కాబట్టి. పేమెంట్ గేట్‌వే పోర్టల్‌లో 2:17 దగ్గర వెతికితే 48,213 రిఫరెన్స్‌తో ఆ చెల్లింపు ఉంది. అదొక్కటే చేత్తో వెయ్యాల్సి వచ్చిన బిల్లు.

4:55కి మిగతా యాప్ సర్వర్లు లేపాం. మేనేజర్ గారి నాలుగింటి గడువు ఎప్పుడో దాటింది. 3:26కే డేటాబేస్ లేచిందని చెప్పడంతో ఆయన పడుకున్నారట. లెక్కల జాబ్ మధ్యాహ్నానికి వాయిదా వేశాం. ఆరింటికి కౌంటర్లు తెరిచారు. ఆరూ నలభైకి నేను స్క్రీన్ ముందే ఉన్నాను, డ్యూటీ అయిపోయినా. బిల్లులు గబగబా పడుతున్నాయి. 48,300, 48,400. బయట క్యూలో ఉన్నవాళ్లెవరికీ ఏమీ తెలియదు.

తర్వాత మార్చినవి ఎక్కువేం లేవు. `max_slot_wal_keep_size` అని ఒక సెట్టింగ్ ఉంది, 2020లో పదమూడో వెర్షన్‌తో వచ్చింది. మామూలుగా -1 ఉంటుంది, అంటే హద్దు లేదని. దాన్ని 40 జీబీ చేశాం. ఇప్పుడు రిపోర్టుల సర్వర్ ఎన్నాళ్లు రాకపోయినా, 40 దాటితే పోస్ట్‌గ్రెస్ దాని గుర్తు చెల్లదని ప్రకటించి పేజీలు చింపేస్తుంది. రిపోర్టులు ఆగితే ఎవరో ఒకరు అరుస్తారు, బిల్లింగ్ ఆగితే అందరూ అరుస్తారు. అరుపుల లెక్క చూసి తేల్చుకున్నాం. ఎవరూ వాడని స్లాట్ గంటకు మించి ఉంటే అలర్ట్ పెట్టాం. దాని మీద సైలెన్స్ పెట్టే హక్కు నాకు తీసేశారు.

[నవ్వులు]

ఆ రోజు పదింటికి, నేను ఇంటికి బయల్దేరుతుంటే, అకౌంట్స్ నుంచి ఒక మేడమ్ వచ్చారు. చేతిలో ప్రింటవుట్. "బాబూ, 48,212 నుంచి 48,239 దాకా బిల్లులేవీ?" అన్నారు. సీక్వెన్స్, క్రాష్, 32 అని మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "అదంతా నాకెందుకు, రాసి సంతకం పెట్టు" అన్నారు.

కూర్చుని ఒక పేజీ రాశాను. ఏ నంబర్లు ఎందుకు వాడలేదో, పదకొండు కౌంటర్లలో ఎవరు ఏ నంబర్ చదివారో, 48,213 సంగతేమిటో. ఆవిడ మొత్తం చదివారు. 48,213 దగ్గర పెన్ను ఆపి, "ఈ ఒక్కటి నిజం బిల్లే కదా?" అన్నారు. అవునన్నాను. దాని చుట్టూ గీత గీసి, పక్కన ఆ కార్డు చెల్లింపు రిఫరెన్స్ రాయించుకుని, మిగతా 27కీ "వాడలేదు" అని రాసి ఫైల్లో పెట్టుకున్నారు.